ఉండిపొమ్మన్న యజమానికి ప్రత్యుత్తరం
(లేఖా రచనలో ఒక పాఠం)

వ్యవహార లేఖల పాఠంలో ఉద్యోగానికి దరఖాస్తు వ్రాయడం, ఉద్యోగానికి రాజీనామా వ్రాయడం విద్యార్థులు నేర్చుకొంటారు. ఈ రెంటికీ నమూనాలు విరివిగా దొరుకుతాయి. కాని రాజీనామా ఇచ్చిన తరువాత కొందరికి మూడవ లేఖ ఒకటి వ్రాయవలసి వస్తుంది. రాజీనామా అందుకొన్న యజమాని పిలిపించి, "జీతం పెంచుతాము, హోదా మారుస్తాము, వెళ్లవద్దు" అని అంటాడు. దీనిని మనం ఎదురు ప్రతిపాదన అందాము. ఆ మాటలోని ఆదరణ నిజమైనది కావచ్చు. దానికి మనం చెప్పే ధన్యవాదం కూడా నిజమైనదిగానే ఉండాలి. అయినా వెళ్లాలన్న నిర్ణయం చెక్కు చెదరరాదు. ఈ రెండు పనులూ ఒకే లేఖలో ఎట్లా చేయాలన్నదే ఈ పాఠంలోని విషయం.

ముందుగా మాటల అర్థాలు చూద్దాము. రెండు భాషల విద్యార్థులూ ఉన్న మన కళాశాలలో ఇది కొంత వినోదంగా కూడా ఉంటుంది. తెలుగులో మనం వాడే 'రాజీనామా' పారసీకం నుండి వచ్చినది. రాజీ అనగా సమ్మతి, నామా అనగా పత్రం. ఉర్దూలో నేటికీ రాజీనామా అంటే ఇరు పక్షాలూ ఒప్పుకొని వ్రాసుకొన్న ఒడంబడిక పత్రం. ఉద్యోగం విడిచే లేఖను ఉర్దూవారు 'ఇస్తీఫా' అంటారు. అది అరబ్బీ మాట. నన్ను ఈ బాధ్యత నుండి విడిపించుమని కోరడం దాని మూలార్థం. కనుక ఒక మాటలో సమ్మతి ఉన్నది, మరొక దానిలో అభ్యర్థన ఉన్నది. నిర్ణయం అన్న అర్థం ఈ రెండు మాటలలో దేనిలోనూ లేదు. ఆ లోటును లేఖలోని వాక్యాలే పూరించాలి.

ఇక 'కృతజ్ఞత' చూడండి. కృతమనగా చేయబడినది, జ్ఞ అనగా ఎరిగినవాడు. చేసిన మేలును ఎరిగి ఉండడమే కృతజ్ఞత. చేసినది అంటే గడచిన కాలానికి చెందినది. నిర్ణయమో, రాబోయే కాలానికి చెందినది. ఈ రెండూ వేర్వేరు కాలాలకు చెందినవి కనుక ఒకదానికొకటి విరుద్ధం కావు. లేఖ వ్రాసేవారు వీటిని తెలియక ఢీకొట్టించినప్పుడే చిక్కు వస్తుంది.

చిక్కు వస్తే ఏమవుతుంది? రాజీనామా ఇచ్చిన నాటికీ, అది అమలులోకి వచ్చే నాటికీ నడుమ కొంత వ్యవధి ఉంటుంది. ఈ వ్యవధిని గురించి మన దేశంలో ప్రసిద్ధమైన తీర్పు ఒకటి కలదు. అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి సతీష్ చంద్ర 1977 మే 7వ తేదీన రాష్ట్రపతికి లేఖ వ్రాసి, ఆగస్టు 1 నుండి పదవి విడుస్తున్నట్లు తెలిపారు. మళ్లీ జూలై 15న ఆ లేఖను ఉపసంహరించుకొన్నారు. అట్లా ఉపసంహరించుకోవచ్చునా అన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ముందు తేదీ నుండి వర్తించేటట్లు ఇచ్చిన రాజీనామాను, దానికి అడ్డుగా ఏ నియమమూ లేనప్పుడు, ఆ తేదీ రాకముందే ఉపసంహరించుకోవచ్చునని 1978లో అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. అది ఉన్నత పదవికి సంబంధించిన వ్యాజ్యం. ప్రతి ఉద్యోగంలోనూ ఆ ఉద్యోగపు నియమాలనూ, ఒప్పందాన్నీ కూడా చూడవలసి ఉంటుంది. అయినా మన పాఠానికి కావలసిన సంగతి అందులో ఉన్నది. నోటీసు కాలంలో తలుపు పూర్తిగా మూసి ఉండదు. దాని గడియ లోపలి వైపు ఉంటుంది. అందుచేత ఆ రోజులలో మనం వ్రాసే ప్రతి మెత్తని మాటనూ యజమాని, "మనసు మారుతున్నది కాబోలు" అన్న ఆశతో చదువుతాడు. ఆ ఆశతో అతడు మన స్థానంలో మరొకరిని వెదకడం ఆపివేస్తే, నష్టం అతనికీ కలుగుతుంది. అస్పష్టత మర్యాద కాదని చెప్పడానికి ఇదే ముఖ్య కారణం.

ఇప్పుడు ఒక ఉదాహరణను కల్పించుకొందాము. విజయవాడలో మందుల టోకు వ్యాపారం చేసే ఒక సంస్థలో బి.కాం. చదివిన ఒక యువతి 2019 ఆగస్టు నుండి లెక్కలు వ్రాస్తున్నది. జీతం నెలకు 26,000 రూపాయలు. గుంటూరు దగ్గర ఒక తయారీ కర్మాగారంలో ఆమెకు 32,000 రూపాయల ఉద్యోగం వచ్చింది. అక్కడ ఉత్పత్తి వ్యయపు లెక్కలు చూడాలి. ఆమె కోరుకొన్నదీ ఆ పనినే. నియామకపు ఉత్తర్వు చేతికి వచ్చిన తరువాత, 2025 జూన్ 2న, ఒక నెల నోటీసుతో రాజీనామా ఇచ్చింది. మరునాడు యజమాని పిలిచి, "అమ్మా, నువ్వు వెళ్లిపోతే ఈ లెక్కలు చూసేది ఎవరు? 34,000 ఇస్తాను, సీనియర్ అకౌంటెంట్‌ని చేస్తాను, ఉండిపో" అన్నాడు. సాయంత్రానికి అదే మాట ఇ-మెయిలులో కూడా పంపాడు.

గమనించండి: ఎదురు ప్రతిపాదన కొత్త జీతం కంటె 2,000 రూపాయలు ఎక్కువ. ఏడాదికి 24,000. మధ్యతరగతి ఇంటిలో ఇది చిన్న మొత్తం కాదు. కాబట్టి లేఖ వ్రాయకముందే ఆమె తనను తాను ఒక ప్రశ్న అడగాలి: జీతమే కారణమై తాను బయలుదేరిందా? అవునంటే ఆ కారణం తీరిపోయింది. ఉండిపోవడంలో తప్పు లేదు, అప్పుడు వ్రాయవలసిన లేఖ వేరు. ఉత్పత్తి వ్యయపు లెక్కలు నేర్చుకోవడమే కారణమైతే, తయారైన మందులను కొని అమ్మే సంస్థ 34,000 కాదు, 40,000 ఇచ్చినా ఆ పనిని ఇవ్వలేదు. ఆమె నిర్ణయం ఇదే అనుకొందాము. ఇట్లా తేల్చుకొన్న తరువాతనే కలం పట్టాలి. మనసులో తేలని విషయాన్ని కాగితం మీద తేల్చాలని చూస్తే వాక్యాలు వణుకుతాయి.

ఇటువంటి సందర్భంలో చాలామంది వ్రాసే లేఖ ఈ విధంగా ఉంటుంది:

"మీరు నాపై చూపిన అభిమానాన్ని జీవితాంతం మరువలేను. జీతం పెంచుతామన్నందుకు ఎంతో సంతోషంగా ఉన్నది. కానీ ఇంటిలో వారితో మాట్లాడిన తరువాత, ప్రస్తుతానికి వెళ్లడమే మంచిదని అనుకుంటున్నాను. దయచేసి అన్యథా భావించవద్దు. మీ అభిప్రాయం తెలియజేయగలరు."

మొదటి చూపునకు ఇది ఎంతో మర్యాదగా కనిపిస్తుంది. కాని యజమాని కుర్చీలో కూర్చుండి మరల చదవండి. "ప్రస్తుతానికి" అన్నది కనుక కొంతకాలం తరువాత మాట మారవచ్చునన్నమాట. "అనుకుంటున్నాను" అన్నది కనుక ఆలోచన ఇంకా సాగుతున్నదన్నమాట. "ఇంటిలో వారితో మాట్లాడిన తరువాత" అన్నది కనుక ఇంటిలో పెద్దలకు నచ్చజెప్పితే పని జరుగవచ్చు. "మీ అభిప్రాయం తెలియజేయగలరు" అన్నది కనుక బంతి తన చేతికే వచ్చింది. ఇక "జీవితాంతం మరువలేను" అన్న అతిశయోక్తి మరొక విధమైన హాని చేస్తుంది. జీవితాంతం మరువలేనంత మేలు పొందినదానివి, మరి ఎందుకు వెళుతున్నావు అన్న ప్రశ్న దాని నుండే పుడుతుంది. కృతజ్ఞతను తీర్చరాని అప్పుగా చూపినవారు ఆ అప్పు చెల్లించమన్నప్పుడు ఏమని బదులు చెప్పగలరు?

అన్నిటికంటె ఎక్కువ హాని చేసే మాట "కానీ". "కృతజ్ఞతలు, కానీ వెళుతున్నాను" అన్నప్పుడు వినేవారికి మొదటి సగం ఉత్త మర్యాదగానూ, రెండవ సగమే అసలు మాటగానూ తోస్తుంది. ధన్యవాదం నిజమైనది కావలెనంటే దానికి సొంతంగా ఒక పేరా ఇచ్చి, అక్కడే ముగించాలి. నిర్ణయానికి మరొక పేరా ఇవ్వాలి. రెంటికీ నడుమ ఏ అనుబంధ పదమూ అక్కరలేదు.

ఇప్పుడు అదే యువతి వ్రాయదగిన లేఖ చూడండి:

"గౌరవనీయులైన మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,

నమస్కారములు.

నన్ను ఇక్కడే కొనసాగవలసిందిగా కోరుతూ, జీతాన్ని 34,000 రూపాయలకు పెంచి సీనియర్ అకౌంటెంట్ హోదా ఇస్తామని మీరు జూన్ 3న పంపిన లేఖ అందినది. నా పనికి మీరిచ్చిన ఈ విలువకు హృదయపూర్వక కృతజ్ఞతలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో జి.ఎస్.టి. లెక్కలను మీరు దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పారు. 2020 లాక్‌డౌన్‌లో అమ్మకాలు పడిపోయినా మా అందరికీ పూర్తి జీతం ఇచ్చారు. ఈ రెంటి వల్ల నాకు కలిగిన మేలు నాకు తెలుసు.

మీ ప్రతిపాదనను పూర్తిగా పరిశీలించాను. జూన్ 2న నేను సమర్పించిన రాజీనామాలో మార్పు లేదు. జూలై 2 నా చివరి పనిదినం. తయారీ సంస్థలో ఉత్పత్తి వ్యయపు లెక్కలలో పనిచేయడం నేను ఎంచుకొన్న మార్గం.

మే నెల GSTR-1 ను జూన్ 11 లోగా, GSTR-3B ని జూన్ 20 లోగా దాఖలు చేస్తాను. జూన్ నెల అమ్మకాలు, కొనుగోళ్ల పట్టీలను నెలాఖరు వరకు సరిచూసి, మీరు నియమించినవారికి జూలై 2 లోగా చార్జి అప్పగిస్తాను. రావలసిన బాకీల జాబితాను కూడా దానితో జతపరుస్తాను.

భవదీయురాలు"

ఈ లేఖను విడదీసి చూద్దాము. మొదటి పేరాలో ప్రతిపాదనలోని అంకెను, హోదాను ఆమె తిరిగి పేర్కొన్నది. దానివల్ల ఆమె దానిని తేలికగా తీసివేయలేదని, చదివి విలువ కట్టిందని యజమానికి తెలుస్తుంది. తరువాత రెండే రెండు మేళ్లను పేరుపేరునా చెప్పింది. "మీ సహాయ సహకారములకు" అన్న మూస మాటను ఏ యజమానికైనా వ్రాయవచ్చు. దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పిన పనిని ఆ ఒక్కరికే వ్రాయగలం. సంస్థలో కష్టాలు కూడా పడినవారు అబద్ధపు పొగడ్త వ్రాయనక్కరలేదు. నిజంగా జరిగిన మేలు ఒక్కటి ఉంటే దానినే వ్రాసి, మిగిలిన వాటిని గురించి మౌనం వహించవచ్చు.

రెండవ పేరాలో వ్యాకరణపు సంగతి ఒకటి ఉన్నది. తెలుగులో క్రియ లేకుండా వాక్యం పూర్తి కాగలదు. "ఆయన మా అన్న" అంటే వాక్యం నిండింది. "జూలై 2 నా చివరి పనిదినం" అన్నదీ అటువంటిదే. అందులో అనుకోవడం లేదు, దలచడం లేదు, ఆశించడం లేదు. మెత్తబరచడానికి క్రియయే లేనప్పుడు మెత్తదనం ఎక్కడ చేరుతుంది? అట్లాగని ఇది పరుషమైన వాక్యం కూడా కాదు. క్యాలెండరులోని ఒక సంగతిని చెప్పడమే. "మీ ప్రతిపాదనను తిరస్కరిస్తున్నాను" అని ఉంటే ఎదుటివారికి గుచ్చుకొనేది. "రాజీనామాలో మార్పు లేదు" అన్నప్పుడు నిర్ణయం నిలిచింది, ఎవరినీ కాదనలేదు.

కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలివేయడం కూడా గమనింపదగినది. యజమాని తీర్చగలిగిన కారణాన్ని వ్రాస్తే అది కారణంగా ఉండదు, షరతుగా మారుతుంది. జీతం అంటే జీతం పెంచుతాడు. పనిభారం అంటే సహాయకుణ్ణి ఇస్తానంటాడు. దూరం అంటే వాహనభత్యం ఇస్తానంటాడు. ప్రతిదానికీ మనం మళ్లీ బదులు వెదకవలసి వస్తుంది. ఆ సంస్థ స్వభావం వల్లనే అక్కడ దొరకని దానిని కారణంగా చెబితే అందులో నింద ఉండదు, బేరానికీ తావుండదు. అటువంటి కారణం లేనివారు దేనినీ కల్పించనక్కరలేదు. "అన్నీ ఆలోచించి తీసుకొన్న నిర్ణయం" అన్న మాట చాలు.

మూడవ పేరా లేఖకు బలం. వెళ్లిపోయేవారి వల్ల యజమానికి వాస్తవంగా కలిగే భయం ఒక్కటే: పని ఆగిపోతుందేమో అని. ఎక్కువ జీతం ఇస్తానన్న మాటలో సగం ఆ భయమే ఉంటుంది. నెలనెలా రిటర్నులు దాఖలు చేసే వ్యాపారానికి 11వ తేదీ, 20వ తేదీ ఎంత ముఖ్యమో లెక్కలు వ్రాసేవారికి తెలుసు. ఆ తేదీలనే పేర్కొని, ఏది పూర్తి చేసి వెళ్లేదీ, ఏది సిద్ధం చేసి అప్పగించేదీ చెప్పడం వేయి ధన్యవాదాల కంటె విలువైనది. కృతజ్ఞత ఇక్కడ మాటను దాటి పని అవుతుంది.

గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ బదిలీ, అనుభవ ధృవీకరణ పత్రం మొదలైన వాటి ప్రసక్తి ఈ లేఖలో లేదని కూడా గమనించే ఉంటారు. అవి ఉద్యోగికి న్యాయంగా రావలసినవే. ఐదేండ్లు నిండిన సేవ కనుక గ్రాట్యుటీ సంగతి ఆమె తప్పక విచారించుకోవాలి. కాని వాటిని ధన్యవాదంతో కలిపితే, ఆ ధన్యవాదం వాటి కోసమే పుట్టినదిగా కనిపిస్తుంది. వారం పది రోజుల తరువాత వేరే లేఖ వ్రాయడం మంచిది.

లేఖ పంపే సమయం కూడా ముఖ్యమే. ప్రతిపాదన నోటిమాటగా వచ్చినప్పుడు అక్కడికక్కడే వాదించవద్దు. "కృతజ్ఞతలు సార్, రేపు లేఖ ద్వారా తెలియజేస్తాను" అని వచ్చి, మాట ఇచ్చినట్లే మరునాడు ఇవ్వాలి. వారం రోజులు ఆలస్యమైతే లేఖలో ఏమి వ్రాసినా, ఆ వారమంతా బేరం నడిచిందనే అర్థం స్థిరపడుతుంది.

లేఖ పనిచేసిందో లేదో ఎట్లా తెలుసుకోవాలి? యజమాని నుండి వచ్చే తరువాతి మాటను బట్టి తెలుస్తుంది. అతడు "చార్జి ఎవరికి ఇస్తావు?", "పాత ఫైళ్లు ఎక్కడ ఉన్నాయి?" అని అడిగితే లేఖ చేరవలసిన చోటికి చేరింది. "పోనీ, 36,000 అయితే?" అని మరొక అంకె వస్తే, మన వాక్యాలలో ఎక్కడో ఒక సందు మిగిలి ఉన్నదో, లేక అతని అవసరం అంత గట్టిదో అయి ఉంటుంది. అప్పుడు కొత్త కారణాలు చేర్చి పెద్ద లేఖ వ్రాయరాదు. కొత్త కారణం ప్రతిదీ కొత్త బేరానికి దారి తీస్తుంది. "మీ ఆదరణకు మరొకసారి కృతజ్ఞతలు. జూన్ 4న వ్రాసిన లేఖలోని నిర్ణయమే నా నిర్ణయం. చార్జి అప్పగింతకు ఎవరిని నియమించారో తెలియజేయగలరు" అన్న మూడు వాక్యాలు చాలు. చివరి వాక్యంలో ప్రశ్న ఉన్నది. అయితే అది అప్పగింతను గురించిన ప్రశ్న. బంతిని అతని చేతికి ఇచ్చినా ఆట మారింది.

ఒక్క విషయంలో మాత్రం పట్టు సడలించవచ్చు. "కొత్తవారు దొరికేదాకా మరి పది రోజులు ఉండమ్మా" అని అడగవచ్చు. ఇది నిర్ణయాన్ని మార్చమనడం కాదు, తేదీని మార్చమనడం. కొత్త సంస్థవారు అంగీకరిస్తే ఒప్పుకోవచ్చు. ఒప్పుకొనేటప్పుడు "కొంతకాలం", "వీలైనంత వరకు" అన్న మాటలు వద్దు. "జూలై 12 నా చివరి పనిదినం" అని వ్రాయాలి. కొత్త సంస్థవారు అంగీకరించకపోతే పాత తేదీయే నిలుస్తుంది. ఒప్పందం ప్రకారం నోటీసు కాలం పూర్తి చేసినవారిని, ఇష్టం లేకుండా ఇంకా పనిచేయమని బలవంతపెట్టే హక్కు ఏ యజమానికీ లేదు. కాని ఆ మాట లేఖలో వ్రాయవలసిన పని లేదు. హక్కు మనకు తెలిసి ఉంటే చాలు. తెలిసినవారి గొంతు సహజంగానే నెమ్మదిగా ఉంటుంది.

విద్యార్థులకు చివరగా ఒక అభ్యాసం. పైన ఇచ్చిన మొదటి లేఖను తీసుకొని, అందులో "కానీ", "ప్రస్తుతానికి", "అనుకుంటున్నాను" అన్న మాటలను కొట్టివేసి చదవండి. తరువాత "అభిమానం" అన్న మాట ఉన్నచోట, ఆ యజమాని నిజంగా చేసిన ఒక పనిని వ్రాయండి. తేదీ లేనిచోట తేదీ వేయండి. ఆ మూడు మార్పులతోనే లేఖలోని ధన్యవాదం ఎంత బరువెక్కుతుందో, నిర్ణయం ఎంత తేటపడుతుందో మీ కంటికే కనబడుతుంది.